నా పాఠ్యపథకంపై మెంటార్ మేడమ్ ఉత్తరం: ఓవర్లు తీసేయాలా? సున్నాలు ఎప్పుడు చెప్పాలి?

కొత్త పంతులమ్మ (శుక్రవారం రాత్రి)

అందరికీ నమస్కారం. బి.ఎడ్. రెండో సంవత్సరం, గణితం. ప్రస్తుతం ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. సోమవారం ఆరో తరగతికి దశాంశ భిన్నాలను పోల్చడం చెప్పాలి. పాఠ్యపథకం రాసి మెంటార్ మేడమ్‌కు ఇస్తే, రికార్డులో సంతకం పెట్టి ఊరుకోకుండా ఇంత పెద్ద ఉత్తరం రాసిచ్చారు. ఆవిడ అనుమతితోనే, పేర్లు తీసేసి ఇక్కడ పెడుతున్నాను.

నా సందేహాలు రెండు. క్రికెట్ ఓవర్లు తీసేయమన్నారు. ఆ ఉదాహరణతో పిల్లలు ఎంత హుషారుగా ఉంటారో నాకు తెలుసు, వదులుకోబుద్ధి కావడం లేదు. రెండోది, సున్నాలు చేర్చి పోల్చే పద్ధతిని ఈ పీరియడ్‌లో వద్దన్నారు. మా కాలేజీ పర్యవేక్షకులేమో నియమం ముందు చెప్పాకే అభ్యాసం చేయించాలంటారు. ఎవరి మాట వినాలి?

ఉత్తరం ఇది:

"అమ్మా,

నీ పాఠ్యపథకం రెండుసార్లు చదివాను. సోమవారంలోపు మార్చుకోవడానికి వీలుంటుందని ఇప్పుడే రాస్తున్నాను.

బాగున్నవి ముందు చెబుతాను. లక్ష్యం ఒక్కటే పెట్టుకున్నావు. 'రెండు దశాంశ భిన్నాల్లో ఏది పెద్దదో చెప్పి, ఎందుకో పటంలో చూపగలరు' అని రాశావు. 'అవగాహన చేసుకుంటారు' అని రాసి ఉంటే పీరియడ్ చివర నువ్వు గానీ నేను గానీ తేల్చుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పటంలో చూపించాడా లేదా అన్నది కళ్లకు కనిపిస్తుంది. ఇక ప్రతి ప్రశ్న పక్కనా పిల్లలు ఏమంటారో ఊహించి రాసే వరుస ఒకటి పెట్టావు. కాలేజీ ఇచ్చిన నమూనాలో అది లేదు, నీ అంతట నువ్వే చేర్చావు. ఇన్నేళ్లుగా ఇంటర్న్‌ల రికార్డులు చూస్తున్నాను, ఇలా ఎవరూ చేయలేదు.

లోటు కూడా ఆ వరుసలోనే ఉంది. అందులో అన్నీ సరైన జవాబులే. నీ పథకంలో తప్పు చెప్పే పిల్లవాడే లేడు. ఆరో తరగతిలో 0.5, 0.35లో ఏది పెద్దదని అడిగి చూడు. 35 పెద్దది కాబట్టి 0.35 అనేవాళ్లు మొదటి బెంచీలోనే ఉంటారు. అప్పుడు నువ్వు ఏం చేస్తావో పథకంలో లేదు.

చివర పెట్టిన అయిదు ప్రశ్నలు చూడు. 0.4, 0.7. 0.3, 0.85. 0.25, 0.75. 2.6, 2.94. 0.5, 0.35. బిందువు తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదువుకునే పిల్లవాడు వీటిలో నాలుగింటికి సరైన జవాబు చెబుతాడు. 85 మూడు కన్నా పెద్దది, 94 ఆరు కన్నా పెద్దది, అంతే అతని లెక్క. ఆఖరిదొక్కటే తప్పుతుంది. అయిదుకు నాలుగు వచ్చాయని నువ్వు సంతోషిస్తావు, వాడికి దశాంశం అంటే ఏమిటో తెలియకుండానే పీరియడ్ అయిపోతుంది.

వీటికి బదులు ఇవి పెట్టు: 0.25, 0.75. 0.4, 0.37. 0.3, 0.85. 0.6, 0.60. 4.08, 4.7. మొదటిది అందరూ చెబుతారు, ధైర్యం కోసం ఉంచాను. ఆ తర్వాత ఎవరు ఏది తప్పారో చూస్తే, వాళ్లు మనసులో ఏ లెక్క వేసుకున్నారో తెలుస్తుంది. జవాబు ఒక్కటే కాదు, పక్కనే కారణం ఒక్క వాక్యంలో రాయించు.

పటాల సంగతి. వంద గళ్ల చదరాలు అట్టల మీద చక్కగా గీశావు. అయితే 0.5 అట్ట ఇరవై సెంటీమీటర్ల చదరం, 0.35 అట్ట ముప్పై సెంటీమీటర్లది. స్కేలు పెట్టి కొలిచాను. చిన్న అట్టలో సగం రంగు వేస్తే 200 చదరపు సెంటీమీటర్లు, పెద్ద అట్టలో 35 గళ్లకు రంగు వేస్తే 315. వెనక బెంచీ పిల్లవాడికి 0.35 దగ్గరే ఎక్కువ రంగు కనిపిస్తుంది. నువ్వు నోటితో ఒకటి చెబుతుంటే నీ అట్ట ఇంకొకటి చెబుతుంది. రెండూ ఒకే కొలతలో ఉండాలి. ఇద్దరిద్దరికీ గ్రాఫ్ కాగితం ఇచ్చి, పది సెంటీమీటర్ల చదరాలు రెండు వాళ్లచేతే గీయించు.

ప్రేరణకు ఓవర్లు వద్దు. 19.3 ఓవర్లు అంటే పందొమ్మిది ఓవర్ల మూడు బంతులు, అంటే పందొమ్మిదిన్నర. అది దశాంశంలో 19.5 అవుతుంది. 19.5 తర్వాత బంతి పడితే 20. అక్కడి చుక్క ఆరేసి బంతులను లెక్కిస్తోంది, మన చుక్క పదేసి భాగాలను. పిల్లల తలలో ఉన్న పొరపాటుకు నువ్వే మొదటి పది నిమిషాల్లో నీళ్లు పోసినట్టవుతుంది.

'చివర సున్నాలు చేర్చి అంకెల సంఖ్య సమానం చేసి పోల్చండి' అన్న నియమం ఈ పీరియడ్‌లో చెప్పకు. అయిదు నిలువు వరుసలంటే యాభై గళ్లని వాళ్లే లెక్కపెట్టాక, ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక, రెండో రోజు చెప్పు.

నల్లబల్ల మీద రాసేటప్పుడు 'సున్నా పాయింట్ ముప్పై అయిదు' అని చదవకు. 'సున్నా దశాంశం మూడు అయిదు' అను. సమయం పంపకం నాకు నచ్చలేదు. ప్రేరణకు పది నిమిషాలు, వివరణకు పదిహేను, పిల్లల పనికి అయిదే. ఇది తిరగేయి.

మార్చిన పథకం శనివారం సాయంత్రం చూపించు."

---

నీలి సిరా (శుక్రవారం రాత్రి)

మా కాలేజీలో కూడా ఇదే అన్యాయం. మెంటార్లకు మార్కులు కోయడమే పని. నా రికార్డులో శీర్షికలకు ఎరుపు గీతలు కొట్టలేదని మళ్లీ రాయించారు. మీరు ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టండి. ఇంటర్నల్ మార్కులపై ఫిర్యాదు చేసే హక్కు మనకుంది.

కొత్త పంతులమ్మ

మార్కులేమీ తగ్గించలేదండీ, ఇంకా వేయనే లేదు. ఉత్తరంలో ఉన్న విషయం గురించే అడుగుతున్నాను.

నీలి సిరా

సరే. మీ పథకం ఏ నమూనాలో రాశారో చెప్పగలరా? మాకు ఫైవ్-ఈ నమూనాలోనే రాయమంటున్నారు.

చాక్‌పీసు (శనివారం ఉదయం)

నేను పద్దెనిమిదేళ్లుగా స్కూల్ అసిస్టెంట్‌గా గణితం చెబుతున్నాను. మీ మేడమ్ చెప్పిన అట్టల సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ సున్నాల విషయంలో ఆవిడ అనవసరంగా చుట్టు తిప్పుతున్నారు. 0.5ను 0.50 చేయండి. 50, 35. ఏది పెద్దది? అయిపోయింది. అయిదు నిమిషాల్లో తరగతి మొత్తానికి వస్తుంది, ఎన్ని అంకెలున్నా పనిచేస్తుంది, పరీక్షలో ఒక్కరూ తప్పరు. సిలబస్ డిసెంబరుకు పూర్తి చేయాల్సినవాళ్లకు గ్రాఫ్ కాగితాలు పంచుతూ కూర్చునే తీరిక ఎక్కడుంది?

విశ్రాంత గణితం (శనివారం ఉదయం)

చాక్‌పీసు గారి పద్ధతిలో జవాబు తప్పదు, అది ఒప్పుకోవాలి. నేను ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో పనిచేసినప్పుడు బడులకు వెళ్తే ఒక చిన్న పరీక్ష పెట్టేవాణ్ణి. సున్నాల పద్ధతిలో చురుగ్గా పోల్చే పిల్లల్ని పిలిచి, 0.3కీ 0.4కీ మధ్య ఒక సంఖ్య రాయమనేవాణ్ణి. చాలామంది 'మధ్యలో ఏమీ లేదు సార్' అనేవారు. మూడు, నాలుగు పక్కపక్కనే కదా. సున్నా చేర్చి 50, 35 అని పోల్చినప్పుడు పిల్లవాడు చేసింది పూర్ణాంకాల పోలికే. దశాంశం గురించి వాడు ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

మీ మేడమ్ ఇచ్చిన అయిదు జతల వెనక ఉన్న విషయం కొంచెం విప్పి చెబుతాను, ఎందుకంటే ఉత్తరంలో ఆవిడ ఒక రకం పిల్లల గురించే రాశారు. తప్పు చేసేవాళ్లు రెండు రకాలు. మొదటి రకానికి పొడుగ్గా ఉన్నదే పెద్దది. రెండో రకం వాళ్లు దీనికి సరిగ్గా తలకిందులు, వాళ్లకు పొట్టిదే పెద్దది. 'వందో వంతు ముక్క పదో వంతు ముక్క కన్నా చిన్నది, కాబట్టి వందో వంతులున్న సంఖ్య చిన్నది' అని వాళ్ల వాదన. ఈ రెండో రకాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే 0.5, 0.35 అడిగితే వాళ్లు 0.5 అనే చెబుతారు. టీచరు భుజం తడతారు. 0.3, 0.85 అడిగినప్పుడు గానీ బయటపడరు. అందుకే ఆ జత అక్కడ ఉంది. 0.6, 0.60 దగ్గర మొదటి రకం 0.60 పెద్దదంటారు, రెండో రకం 0.6 అంటారు.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టెయిన్లే ఈ రెండు ధోరణుల మీద చాలా కాలం పనిచేశారు. పిల్లలు పోల్చాల్సిన జతలను ఇలా ఏరి కూర్చి, ఎవరు ఏ దారిలో ఆలోచిస్తున్నారో గుర్తించే పరీక్షే తయారుచేశారు. మీ మేడమ్ అది చదివారో, తరగతిలోనే కనిపెట్టారో తెలియదు గానీ జతలు మాత్రం చక్కగా ఏరారు.

చాక్‌పీసు

మాస్టారూ, మధ్యలో సంఖ్య రాయడం వేరే పాఠం. ఒకే పీరియడ్‌లో అన్నీ ఎలా వస్తాయి?

విశ్రాంత గణితం

రావు. అందుకే కదా ఆవిడ సున్నాల నియమాన్ని రెండో రోజుకు పెట్టింది.

ఇద్దరు పిల్లల అమ్మ (శనివారం మధ్యాహ్నం)

నేను టీచర్ని కాదు. ఈ అయిదు జతలూ ఏడో తరగతి చదివే మా పెద్దమ్మాయికి ఇచ్చాను. దశాంశాలు పోయిన ఏడాదే అయిపోయాయి, మార్కులు కూడా బాగానే వచ్చాయి. 0.4, 0.37 దగ్గర తడుముకోకుండా 0.37 అంది. దర్జీ టేపు తెచ్చి, మీటరులో 0.4 అంటే ఎన్ని సెంటీమీటర్లని అడిగితే కాసేపు ఆలోచించి నలభై అంది, వెంటనే తన జవాబు తనే కొట్టేసుకుంది. కానీ 4.08, 4.7 దగ్గరకొచ్చేసరికి మళ్లీ 'ఎనిమిది పెద్దది కదా' అంది. ఆ సున్నా తన కంటికి ఆననే లేదు.

ఆ తర్వాత డబ్బులతో చెప్పాను. నాలుగు రూపాయల ఎనిమిది పైసలు, నాలుగు రూపాయల డెబ్బై పైసలు అనగానే వచ్చేసింది. ఇంత తేలికైన దారి ఉండగా గళ్ల కాగితాలు ఎందుకు?

విశ్రాంత గణితం

అమ్మా, టేపుతో మీరు చేసింది మంచి పాఠం. డబ్బు దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. రూపాయలు, పైసలు అనగానే చుక్కకు ఇటొక సంఖ్య, అటొక సంఖ్య, రెండు వేర్వేరు వస్తువులైపోతాయి. 0.45, 0.453లో ఏది పెద్దదని మీ అమ్మాయిని అడగండి. డబ్బుతో నేర్చుకున్న పిల్లలు కొందరు రెండూ సమానమంటారు, నలభై అయిదు పైసల తర్వాత ఇంకేమీ ఉండదు కాబట్టి. పైగా ఇప్పటి పిల్లలు పైసలు చూసిందెక్కడ? పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011లోనే చలామణి నుంచి వెళ్లిపోయాయి.

ఇద్దరు పిల్లల అమ్మ

అడిగాను. 'సమానమే, మూడు లెక్కలోకి రాదు' అంది. ఏం చెప్పాలో నాకూ వెంటనే తోచలేదు.

విశ్రాంత గణితం

టేపులోనే చిన్న గీతలున్నాయి కదా, మిల్లీమీటర్లు. అవి చూపించండి.

మూడో స్లిప్ (శనివారం సాయంత్రం)

వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. క్రికెట్‌ను తరగతి నుంచి వెళ్లగొడుతుంటే చూస్తూ ఊరుకోలేక వచ్చాను. ఓవర్ల విషయంలో మీ మేడమ్ చెప్పింది కరెక్టే, స్కోరు రాసేవాడిగా నేనూ ఒప్పుకుంటాను. 19.6 అని ఏ స్కోరర్ అయినా రాశాడంటే వాడికి టీ కూడా ఇవ్వం.

కానీ రన్ రేటు ఉంది కదా! ఇరవై ఓవర్లలో 157 పరుగులు చేస్తే ఓవరుకు 7.85. అదే 158 చేస్తే 7.9. ఇప్పుడు పిల్లల్ని అడగండి, ఏ జట్టు బాగా ఆడిందని. 157 కన్నా 158 ఎక్కువని అందరికీ తెలుసు. అంటే 7.85 కన్నా 7.9 పెద్దది కావాలి. పొడుగ్గా ఉన్నదే పెద్దదనే పిల్లవాడు అక్కడ ఇరుక్కుంటాడు.

విశ్రాంత గణితం

ఇది బ్రహ్మాండంగా ఉంది. నేను ఇన్నేళ్లలో వాడలేదు. ఒక్క చిక్కు, టీవీలో దాన్ని 7.90 అని చూపిస్తారు, కాబట్టి పిల్లలకు 7.9 అలవాటు ఉండకపోవచ్చు. నల్లబల్ల మీద మీరే 7.9 అని రాయాలి. ఆ 7.90 ఎందుకు వచ్చిందని ఎవడైనా అడిగితే, రెండో రోజు పాఠానికి వాడే తలుపు తీసినట్టు.

చాక్‌పీసు

157ను 20తో భాగించడం ఆరో తరగతిలో ఎంతమందికి వస్తుంది? జవాబు మనమే చెప్పేయాలి. అప్పుడు అది ఉదాహరణ కాదు, నమ్మమని చెప్పడం.

మూడో స్లిప్

భాగహారం చేయమని ఎవరన్నారు మాస్టారూ? స్కోరు బోర్డులో ఎలాగూ వేసే ఉంటుంది. వాళ్లు రోజూ చూసేదే.

కొత్త పంతులమ్మ (శనివారం రాత్రి)

మార్చిన పథకం మేడమ్‌కు చూపించాను. రన్ రేటు విషయం చెబితే నవ్వి, అయిదు నిమిషాలకు మించకుండా పెట్టుకోమన్నారు. ఓవర్లను పాఠం అయ్యాక, 'ఇది దశాంశమా కాదా' అని ఎదురు ఉదాహరణగా వాడవచ్చా అని కూడా అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. కుదరని ఉదాహరణ కుదిరినవాటి కన్నా ఎక్కువ గుర్తుండిపోతుందంటారు. ఇది నాకు పూర్తిగా మింగుడు పడలేదు.

విశ్రాంత గణితం

ఈ విషయంలో నేను మీ మేడమ్‌తో ఏకీభవించను. 19.3 దశాంశం ఎందుకు కాదో చెప్పగలిగినవాడికే దశాంశం వచ్చినట్టు. కాకపోతే మొదటి వారంలో కాదు, అధ్యాయం చివర.

కొత్త పంతులమ్మ (సోమవారం రాత్రి)

పాఠం అయింది. అడిగినవాళ్ల కోసం జరిగింది రాస్తున్నాను.

రన్ రేటు అనుకున్నట్టే పేలింది. 7.85 అని ముందు అరిచినవాళ్లే 'మరి 158 కదా' అని వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. గ్రాఫ్ కాగితం మీద చదరాలు గీయడానికి నేను వేసుకున్న దానికన్నా ఎక్కువ సమయం పట్టింది. స్కేళ్లు లేనివాళ్లు చాలామంది. అయిదు జతల్లో నాలుగో జత దగ్గరే గంట మోగింది, 4.08 మిగిలిపోయింది.

కాగితాలు ఇంటికి తెచ్చుకుని చూశాను. 0.37 పెద్దదన్నవాళ్లు సగానికి దగ్గరగా ఉన్నారు, కానీ రంగు వేశాక ఎక్కువమంది కొట్టేసి దిద్దుకున్నారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. రెండో వరుసలో కూర్చునే అమ్మాయి ఒకతి 0.4, 0.37కు సరైన జవాబు రాసింది. 0.3, 0.85కు మాత్రం 0.3 పెద్దదని రాసి, పక్కన కారణం ఇలా రాసింది: 'పదో వంతు ముక్క పెద్దది, వందో వంతు ముక్క చిన్నది'. అది పాఠం మొదట్లో పటం చూపిస్తూ నేను అన్న వాక్యమే, అక్షరం పొల్లు పోలేదు. మాస్టారు చెప్పిన రెండో రకం ఇదేనా? ఈ అమ్మాయికి రేపు ఏం చెప్పాలి? గళ్లు తను కూడా రంగు వేసింది, సరిగ్గానే వేసింది.

విశ్రాంత గణితం (సోమవారం రాత్రి)

అదే. ఆ అమ్మాయి మీ మాట శ్రద్ధగా విన్నది. ముక్క ఎంతో విన్నది, ముక్కలు ఎన్నో పట్టించుకోలేదు. కాబట్టి 'నీది తప్పు' అనకండి, ఆ వాక్యం నిజమే కదా. తన కాగితం తన ముందే పెట్టి, 0.3కు ఎన్ని గళ్లు, 0.85కు ఎన్ని గళ్లు అని లెక్కపెట్టించి, లెక్కలు పటం పక్కనే రాయించండి. ముప్పై, ఎనభై అయిదు. రాశాక మీరు ఏమీ అనకుండా తను రాసిన కారణాన్ని మళ్లీ చదవమనండి. పటం సరిగ్గా వేసి కూడా జవాబు తప్పడానికి కారణం, రంగు వేయడం ఒక పనిగానూ పోల్చడం వేరే పనిగానూ చేయడమే అని నా అనుమానం. ఆ తర్వాత 0.2, 0.19 కూడా, 0.2, 0.91 కూడా వెంటవెంటనే అడగండి. రెండూ సరిగ్గా చెబితే దాటినట్టే.

చాక్‌పీసు (మంగళవారం ఉదయం)

ఇవాళ్టికి 4.08 కూడా మిగిలింది, ఈ అమ్మాయి కూడా మిగిలింది, సున్నాల నియమం కూడా మిగిలింది. ఒక పీరియడ్ పాఠం మూడు పీరియడ్లయింది. మీ మేడమ్‌కు వార్షిక ప్రణాళిక ఎలా సరిపోతుందో కూడా అడిగి చెప్పండి, వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

కొత్త పంతులమ్మ

అడిగాను సార్. భాగహారం దగ్గర, శాతాల దగ్గర ఇదే తప్పు మళ్లీ దిద్దే పని తప్పుతుంది కాబట్టి అక్కడ రెండు పీరియడ్లు మిగులుతాయన్నారు. నిజంగా మిగులుతాయో లేదో నేను చూడలేను, అప్పటికి నా ఇంటర్న్‌షిప్ అయిపోతుంది.

నీలి సిరా

మీరు వాడిన ఆ ఊహించిన జవాబుల వరుస, నమూనాలో ఏ శీర్షిక కింద పెట్టారు? మా రికార్డులో కూడా పెట్టి చూస్తాను.